గేట్ 2021 | పేపర్ కోడ్ CS, సెట్-1 | అల్గారిథమ్స్: రికరెన్స్, మిన్-మ్యాక్స్ ప్రశ్నలకు సొల్యూషన్ | తెలుగులో

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వీడియో మొదలుపెట్టే ముందు మీ చేతిలో ఉన్న పేపర్ మీద సెట్ నంబర్ ఒకసారి చూసుకోండి. 2021లో గేట్ కంప్యూటర్ సైన్స్ ఫిబ్రవరి 13న రెండు సెషన్లలో జరిగింది, రెండు పేపర్లు వేరు. ఆ ఏడాది పరీక్ష నిర్వహించింది ఐఐటీ బాంబే. మొన్న హనుమకొండలో మా క్లాసుకు వచ్చే ఒక తమ్ముడు సెట్-2 పేపర్ రాసి, సెట్-1 కీతో దిద్దుకొని, రాత్రంతా నిద్రపోలేదట. అందుకే ఇప్పటినుంచి ప్రతి వీడియో పేరులో పరీక్ష, ఏడాది, కోడ్, సెట్, సబ్జెక్టు ఈ వరుసలోనే పెడుతున్న. వెతికేటప్పుడు GATE 2021 CS Set 1 Algorithms అని కొట్టండి.

00:40 రెండు మార్కుల రికరెన్స్

```
T(n) = T(n/2) + T(2n/5) + 7n
T(0) = 1
```

చూడంగనే మాస్టర్ థీరమ్ వైపు చెయ్యి పోతది. ఆపుకోండి. రెండు ముక్కల సైజులు వేరు, ఆ సూత్రం ఇక్కడ నేరుగా పనిచెయ్యదు. చెట్టు గీయండి. మొదటి వరుసలో పని 7n. రెండో వరుసలో n/2, 2n/5 కలిపితే 0.9n, అంటే 6.3n. మూడో వరుస 5.67n. ప్రతి వరుసకూ పని పదో వంతు తగ్గుతోంది, మొత్తం 7n/(1−0.9) = 70n దాటదు. పైవరుసలోనే 7n ఉంది కాబట్టి అంతకు తగ్గదు కూడా. ఆకుల సంఖ్య కూడా n కంటే నెమ్మదిగానే పెరుగుతుంది. జవాబు Θ(n).

ఎక్కువమంది n log n పెడతారు, మెర్జ్ సార్ట్ అలవాటు! అక్కడ n/2, n/2 కలిపితే సరిగ్గా n, ఏ వరుసలోనూ పని తగ్గదు. ఇక్కడ తగ్గుతోంది. బోర్డు మీద రెండు చెట్లూ పక్కపక్కన గీసిన, 04:10 దగ్గర వీడియో ఆపి మీరూ గీయండి.

07:25 ఒక మార్కు: n మూలకాల అరేలో కనిష్ఠం, గరిష్ఠం రెండూ కనుక్కోవడానికి ఎన్ని పోలికలు?

జతలుగా పోల్చాలి. పది మూలకాలుంటే ముందు 5 పోలికలు, గెలిచినవాటిలో 4, ఓడినవాటిలో 4, మొత్తం 13. విడివిడిగా వెతికితే 18. n సరిసంఖ్య అయితే 3n/2 − 2. కాబట్టి n కంటే ఎక్కువ, 3⌈n/2⌉ కంటే మించదు అన్న ఆప్షనే సరైనది.

సెట్-2 అల్గారిథమ్స్ వేరే వీడియో, దాని పేరులో CS Set 2 అనే ఉంటది. ఈ సెట్‌లో మీరు రాసిన జవాబు నాదానికి తేడా వస్తే, నిమిషం నంబర్ వేసి కామెంట్‌లో రాయండి, నేనే తప్పు చేసి ఉంటే సరిదిద్దుత.