నీట్‌లో ఏది నింపాలి, ఏది వదలాలి: నీ ఆరు మాక్ టెస్టుల లెక్క

ఈ కాగితం నీ ఒక్కదానికే. పక్క బెంచీ అమ్మాయికి ఇవ్వకు. అంకెలు నీవి కాబట్టి ఆమెకు ఇవి నష్టమే చేయవచ్చు.

నీట్‌లో సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. అంటే అయిదు నింపితే ఒక్కటి సరైనా చేతి నుంచి ఏమీ పోదు. నూటికి 20 దాటిన ప్రతిదీ లాభమే. "అనుమానం ఉంటే వదిలేయ్" అని నీకు చెప్పినవారు ఈ లెక్క వేసి ఉండరు.

నువ్వు బుక్‌లెట్‌లో పెట్టిన గుర్తులను బట్టి, నింపిన ప్రశ్నల్లో ఎన్ని సరయ్యాయో చూడు. "టిక్కు" అంటే ఖాయం, "రెండు" అంటే రెండు ఆప్షన్లు మిగిలినవి, "గీత" అంటే ఊహ.

| గుర్తు | బయాలజీ | కెమిస్ట్రీ | ఫిజిక్స్ |
|---|---|---|---|
| టిక్కు | 402లో 378 | 168లో 148 | 120లో 99 |
| రెండు | 84లో 49 | 60లో 29 | 66లో 24 |
| గీత | 30లో 9 | 24లో 5 | 48లో 6 |
| వదిలినవి | 24 | 18 | 36 |

"రెండు" గుర్తు: ఎప్పుడూ నింపు, మూడు సబ్జెక్టుల్లోనూ. ఫిజిక్స్‌లో 66లో 24 అంటే బొమ్మా బొరుసూ వేసినదానికంటే తక్కువే. కొట్టేసిన రెండింటిలోనే సరైన జవాబు పోతోందన్నమాట. అయినా అక్కడ నీకు మిగిలింది 54 మార్కులు. బయాలజీలో 161. ఇక వదిలినవి చూడు: బయాలజీ 24లో 15, ఫిజిక్స్ 36లో 14 పక్కన "రెండు" గుర్తే ఉంది. నీ సగటుతో నింపి ఉంటే ఆరు టెస్టుల్లో సుమారు 40 మార్కులు. భయానికి కట్టిన పన్ను అది.

"గీత" గుర్తు: బయాలజీలో నింపు. కెమిస్ట్రీలో 24లో 5 అన్నది ఏదీ తేల్చలేని చిన్న లెక్క. దాన్నిబట్టి నియమం పెట్టను. సమయం ఉంటే నింపు, లేకపోతే దిగులు పడకు.

ఫిజిక్స్ గీతలు: ఇక్కడే నీ చిల్లు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పెట్టినా నూటికి 25 రావాలి. నీకు పన్నెండున్నరే వచ్చింది, 18 మార్కులు పోయాయి. ఎందుకా అని ఆ 48 ప్రశ్నల రఫ్ వర్కు తిరగేశాను. 17 ప్రశ్నలను నువ్వు ముట్టుకోనే లేదు, ఊరికే పెట్టావు. వాటిలో 4 సరి. మిగతా 31లో లెక్క సగం చేసి, వచ్చిన సంఖ్య ఆప్షన్లలో కనబడగానే నింపేశావు. వాటిలో సరైనవి 2.

నాలుగో టెస్టులోని ఆ ప్రక్షేపకం ప్రశ్న గుర్తుందా? వేగం సెకనుకు 20 మీటర్లు, కోణం 30 డిగ్రీలు, g విలువ 10, వ్యాప్తి ఎంత? sin2θ బదులు sinθ వేశావు, 20 వచ్చింది. 20 మీటర్లు అన్నది రెండో ఆప్షన్‌గా ఎదురుగా ఉంది. సరైనది 20√3, సుమారు 34.6. పేపరు తయారుచేసేవారు ఆప్షన్లు రాసేది ఇలా జారే చోట్లు చూసుకునే. సగం లెక్కలో వచ్చిన సంఖ్యను వదిలి మిగతా మూడింటిలో ఏదో ఒకటి పెట్టినా నీకు ఇంతకంటే ఎక్కువ వచ్చేది!

నియమం: లెక్క మొదలుపెట్టి పూర్తి చేయలేకపోతే పక్కన "సగం" అని రాయి. మళ్లీ వచ్చి పూర్తి చేస్తేనే నింపు, లేదంటే ఖాళీ.

వరుస. ఫిజిక్స్‌లో "టిక్కు" పెట్టినా తప్పిన 21లో 13 చివరి 25 నిమిషాల్లోవి. అలసట. అందుకని ఫిజిక్స్‌ను మధ్యకు తెచ్చాను: బయాలజీ 50 నిమిషాలు, ఫిజిక్స్ 65, కెమిస్ట్రీ 45. మిగిలిన 20 నిమిషాలు "సగం" గుర్తులకు.

జవాబు మార్చడం. మొదట తోచిందే నిజమని నువ్వు నమ్ముతున్నావు. బుక్‌లెట్‌లో 38 చోట్ల మార్చావు: 19 తప్పు నుంచి ఒప్పుకు, 11 ఒప్పు నుంచి తప్పుకు, 8 తప్పు నుంచి మరో తప్పుకు. అంటే మార్చడం వల్ల నీకు 40 మార్కులు కలిశాయి. కానీ ఓఎంఆర్‌పై పెన్నుతో నింపాక మార్చలేవు. కాబట్టి ప్రతి ప్రశ్నకూ అప్పటికప్పుడు నింపకు. రెండు పేజీలు చేసి, ఒకసారి వెనక్కి చూసి, ఆ రెండు పేజీల బబుల్స్ నింపు. అన్నీ చివరికి మాత్రం అట్టిపెట్టకు.

ఎంసెట్‌కు, అదే ఈఏపీసెట్‌కు, ఈ కాగితం తీసుకెళ్లకు. అక్కడ నెగెటివ్ మార్కులు లేవు. 160కి 160 నింపాల్సిందే, "సగం" గుర్తులతో సహా.

ఆదివారం ఏడో టెస్టు. బుక్‌లెట్ పారేయకుండా తీసుకురా, రఫ్ వర్కుతో సహా. ముందు చూసేది "సగం" గుర్తులే.