దివ్యాంగత్వ అంచనా నివేదిక: దీర్ఘకాలిక స్కిజోఫ్రెనియా

మానసిక వైద్య విభాగం, చిత్తూరు
పరీక్షించిన తేదీలు: 2025 నవంబర్ 11, 18
ఉద్దేశం: సదరం ధ్రువపత్రం, ఎన్టీఆర్ భరోసా దివ్యాంగుల పింఛను

దరఖాస్తుదారు 41 ఏళ్ల అవివాహితుడు, పూతలపట్టు మండలం. ఇంటర్ పాసయ్యారు. తల్లి, తమ్ముడి కుటుంబంతో ఉంటున్నారు. పేరు, ఆధార్, చిరునామా జతచేసిన దరఖాస్తులో ఉన్నాయి. ఆయనతో విడిగా ఒకసారి, తల్లి సమక్షంలో ఒకసారి మాట్లాడాను. తమ్ముడితోనూ, ఊరి ఏఎన్‌ఎంతోనూ ఫోన్లో మాట్లాడాను. 2010 నుంచి ఉన్న ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు చూశాను.

జబ్బు గురించి

2009లో, 25 ఏళ్ల వయసులో మొదలైంది. ఇరుగుపొరుగు తన మీద కుట్ర చేస్తున్నారన్న అనుమానం, తనను తిడుతున్న గొంతులు వినిపించడం, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం. 2010లోను, 2016లోను ఆసుపత్రిలో చేర్చారు. రెండు రకాల మందులు తగిన మోతాదులో వాడినా గుణం రాకపోవడంతో 2016లో క్లోజపిన్ మొదలుపెట్టారు. ఇప్పుడు రోజుకు 350 మి.గ్రా. రక్తపరీక్షలు సక్రమంగా జరుగుతున్నాయి. స్కిజోఫ్రెనియా అన్న నిర్ధారణలో నాకు సందేహం లేదు.

అయితే నిర్ధారణ ఒక్కటే పింఛనుకు ఆధారం కాదు. ఈ కుటుంబం ఇంతకు ముందు పెట్టిన దరఖాస్తుకు జతచేసిన చీటీలో ఉన్నది ఒకే వాక్యం: స్కిజోఫ్రెనియా ఉంది, మందులు వాడుతున్నారు. ఆ దరఖాస్తు తిరిగి వచ్చింది. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు, కానీ అదే జబ్బుతో ఆటో నడుపుకుంటూ ఇల్లు గడుపుతున్నవాళ్లు నా ఓపీలోనే ఉన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా మానసిక అనారోగ్యాన్ని నిర్వచించేటప్పుడు వివేచన, ప్రవర్తన, రోజువారీ జీవితం గడుపుకునే సామర్థ్యం దెబ్బతిన్నాయా అని అడుగుతుంది. అందుకే ఇక్కడినుంచి ఆయన ఏం చేయగలుగుతున్నారో, ఏం చేయలేకపోతున్నారో మాత్రమే రాస్తున్నాను. ఒక్కో అంశానికి 0 నుంచి 4 దాకా స్కోరు, ఎక్కువైతే లోపం ఎక్కువ.

మొదటి రోజు ఆయన ఇస్త్రీ చొక్కాతో, తల దువ్వుకుని వచ్చారు. తేదీ, వారం సరిగ్గా చెప్పారు. గొంతులు వినిపించడం లేదన్నారు, అది నిజమే. పావుగంటలో ముగించి ఉంటే బాగానే ఉన్నారని రాసేవాణ్ణి. ఆ చొక్కా ఎవరు వేశారని అడిగితే తల్లి నవ్వేశారు. పొద్దున్నే నీళ్లు తోడి, తలంటి, బట్టలు మార్పించి తీసుకొచ్చారట.

తల్లి మాటను కూడా ఉన్నదున్నట్టు తీసుకోలేదు. మొదట ఆమె ‘వాడేమీ చేయలేడు సార్’ అన్నారు. పింఛను రాదేమోనన్న టెన్షన్‌లో ఎవరైనా అంతే అంటారు. దాంతో నిన్న పొద్దున లేచినప్పటినుంచి పడుకునేదాకా ఏం జరిగిందో చెప్పమన్నాను. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది: ‘చెప్తే చేస్తాడు సార్, చెప్పకుంటే పొద్దుగూకేదాకా కానుగ చెట్టు కింద అట్నే కూర్చోనుంటాడు.’ తమ్ముడు, ఏఎన్‌ఎం చెప్పిందీ దీనితో సరిపోయింది.

సొంత పనులు

తనంతట తాను అన్నం తింటారు, మరుగుదొడ్డికి వెళ్తారు. స్నానానికి మూడు నాలుగుసార్లు చెప్పాలి. మొన్న ఆగస్టులో తల్లికి జ్వరమొచ్చి పడుకున్నప్పుడు ఆరు రోజులు స్నానం చేయలేదు, గడ్డం గీసుకోలేదు, రెండు పూటల మందు వేసుకోలేదు. మందులెక్కడుంటాయో ఆయనకు తెలుసు. పొయ్యి వెలిగించి మరిచిపోయిన సంగతి ఒకటుంది. అప్పటినుంచి గ్యాస్ దగ్గరికి పంపడం లేదు. చేయడం తెలుసు కదా అని మార్కులు తగ్గించడం సరికాదు; తనంతట తాను చేస్తున్నారా అన్నదే ఇక్కడి ప్రశ్న. స్కోరు 2.

మనుషులతో మెలగడం

ఎవరితోనూ గొడవ లేదు. ఎవరైనా పలకరిస్తే ఒక మాటలో జవాబు చెప్తారు. తమ్ముడి కొడుకు చేతిలో సెల్ చూస్తూ వాడి పక్కన కూర్చుంటారు. ఇంట్లో ఆ పిల్లాడితో మాత్రమే తనంతట తాను మాట్లాడతారు. పెళ్లిళ్లకు, గంగమ్మ జాతరకు వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. స్నేహితులు లేరు. పెళ్లి కాలేదన్న విషయాన్ని స్కోరులో కలపలేదు. స్కోరు 2.

అర్థం చేసుకోవడం, చెప్పడం

పేపర్లో హెడ్డింగులు చదువుతారు, డబ్బు లెక్క తప్పదు, సంతకం పెడతారు. పాల కేంద్రానికి క్యాన్ తీసుకెళ్లి స్లిప్ తెస్తారు. మూడు సరుకులు చెప్పి అంగడికి పంపితే ఒకటో రెండో తెస్తారు. ఈ విషయంలో లోపం తక్కువే. స్కోరు 1.

పని

ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. జబ్బుకు ముందు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్‌లో సూపర్‌వైజర్‌గా చేశారు. 2011 తర్వాత జీతం తెచ్చిన నెల ఒక్కటీ లేదు. కుటుంబం ప్రయత్నించకుండా ఏమీ లేదు. 2019 సీజన్‌లో కాయలు కోసే కూలికి పంపారు. మూడో రోజు మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికొచ్చి పడుకున్నారు. 2023లో మేకలు కొనిచ్చారు. రెండు తప్పిపోయాయి, ఆయన గమనించలేదు, మిగతావి అమ్మేశారు. ఇప్పుడు తమ్ముడు పక్కనుంటే పొద్దున అరగంట ఆవులకు గడ్డి వేస్తారు. తమ్ముడు పొలానికి వెళ్లిపోతే ఆ పనీ ఆగిపోతుంది.

ఇది సోమరితనమని ఊళ్లో ఒక మాట ఉందట. కాదు. గొంతులు, అనుమానాలు తగ్గాక కూడా చొరవ, ఆసక్తి, పని మీద నిలకడ తిరిగి రాకపోవడం ఈ జబ్బులో భాగమే. పొద్దున ఉండే మత్తులో కొంత క్లోజపిన్ వల్ల వస్తుంది, నిజమే. 2021లో మోతాదు తగ్గించి చూశారు. ఆరు వారాల్లో గొంతులు తిరిగొచ్చాయి, పని మాత్రం పెరగలేదు. మందు తగ్గిస్తే పనికి పోతారన్న ఆశకు రికార్డులో ఆధారం లేదు. కుటుంబానికి భూమి తక్కువ, అప్పు ఉంది. అవి కష్టాలే గాని ఆయన పనితీరుకు కొలతలు కావు, వాటికి మార్కులు వేయలేదు. స్కోరు 3.

లెక్క

కేంద్ర మార్గదర్శకాలు చెప్పిన ఐడియాస్ కొలమానం వాడాను. నాలుగు అంశాల మొత్తం 8. గత రెండేళ్లలో 18 నెలలకు పైగా జబ్బు లక్షణాలు ఉన్నందున వ్యవధికి 4. మొత్తం 12. ఇది 7 నుంచి 13 మధ్య, అంటే మధ్యస్థ స్థాయి, 40 నుంచి 70 శాతం పరిధి. చట్టం చెప్పే 40 శాతం హద్దు దాటింది. కచ్చితమైన శాతాన్ని బోర్డు నిర్ణయిస్తుంది. తీవ్ర స్థాయి అని రాయమని తమ్ముడు కోరారు; మాటలు, డబ్బు లెక్క ఇంత బాగున్నప్పుడు అలా రాయలేను.

సిఫారసు

పదహారేళ్ల జబ్బు, తొమ్మిదేళ్లుగా క్లోజపిన్. పనితీరు త్వరలో మారే సూచన లేదు. అయినా మారదని తేల్చేయలేను. మూడేళ్ల తర్వాత తిరిగి అంచనా వేయాలి. ఈలోపు చెప్పించుకుంటూ చేసే చిన్న పనులు, పాల కేంద్రం పని లాంటివి, ఆపకూడదు. ఆ పని చేస్తున్నారన్న కారణంతో పింఛను ప్రశ్నించకూడదని కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఆ భయంతో కుటుంబం దాన్ని మాన్పించే ఆలోచనలో ఉంది.

ఆయన డబ్బు గుర్తుపడతారు, సంతకం చేస్తారు, ఖాతా తన పేరునే ఉంది. సంరక్షకుణ్ణి నియమించాల్సిన అవసరం కనిపించలేదు. పింఛను ఇంటికి తెచ్చిచ్చేటప్పుడు ఆయన చేతికే ఇవ్వాలి. తల్లి పక్కనుంటే మంచిది.

మానసిక వైద్య నిపుణుడు
చిత్తూరు, 18-11-2025