పేరు చెక్కిన ఇత్తడి మరచెంబు, 1 లీటరు – షష్టిపూర్తికి, గృహప్రవేశానికి, పెళ్ళిరోజుకి

ధర: ₹1,950 (చెక్కడంతో కలిపి). బరువు సుమారు 750 గ్రాములు. ఎత్తు మూతతో కలిపి 17 సెం.మీ.

రైలు ప్రయాణాలకి అమ్మమ్మలు నీళ్ళు పట్టుకెళ్ళిన ఆ మర మూత చెంబే ఇది. చెంబు అజ్జరంలో తయారవుతుంది, పేరు తణుకులో మా దగ్గర లేజర్ మిషన్ మీద చెక్కుతాం. పాత్రల కొట్లో చుక్కలు చుక్కలుగా వేసే పేరు కాదు, గీత తెగకుండా లోతుగా పడుతుంది. చింతపండుతో తోమితే అక్షరాల్లోని నలుపు కాలక్రమంలో తగ్గుతుంది కానీ చెక్కిన గాడి అలాగే ఉంటుంది, పేరు చదవగలుగుతారు. లోపల కళాయి లేదు కాబట్టి నీళ్ళకి మాత్రమే వాడండి. మజ్జిగ, నిమ్మరసం, పులుసు పోయకండి.

ఆర్డర్ పెట్టాక మాకు ఏం పంపాలి

డబ్బు కట్టిన వెంటనే ఇక్కడి చాట్‌లో ఒకే మెసేజ్‌లో వివరాలన్నీ టైపు చేసి పంపండి. ఇలా ఉంటే చాలు:

> సందర్భం: అమ్మానాన్నల షష్టిపూర్తి
> 1వ వరుస: వెంకటరమణ – అన్నపూర్ణ
> 2వ వరుస: షష్టిపూర్తి, పరాభవ నామ సంవత్సరం
> 3వ వరుస: 22-11-2026
> వెనకవైపు: పిల్లలు, మనవలు
> అంకెలు: మామూలువి (తెలుగు అంకెలు వద్దు)
> చేతికి అందాల్సిన తేదీ: నవంబరు 15
> ఫైనల్ చెప్పేది: నేనే (పెద్దబ్బాయి)

మొదటి వరుసలో 16 అక్షరాలు, మిగతా వాటిలో 22 వరకు పడతాయి. వత్తులు, గుణింతాలు విడిగా లెక్కపెట్టకండి. ‘లక్ష్మి’ అంటే రెండక్షరాలే. ఇంకా ఎక్కువ రాయమంటే రాస్తాం కానీ అక్షరం 4 మి.మీ. కంటే చిన్నదైతే వత్తులు మూసుకుపోయి మచ్చల్లా కనిపిస్తాయి. అందుకే పద్యాలు, ఇంటిల్లిపాది పేర్లు ఈ చెంబు మీద వద్దని చెబుతుంటాం.

పేరు దగ్గరే అసలు టెన్షన్. వెంకటా, వేంకటా? లక్ష్మి పేరుకి దీర్ఘం ఉందా? ఆధార్‌లో ఒకలా, సంతకంలో ఒకలా, చుట్టాలు పిలిచేది ఇంకోలా ఉంటుంది. సర్‌ప్రైజ్ గిఫ్ట్ కాబట్టి వాళ్ళనే అడగలేరు. ఇంట్లో వాళ్ళ పాత పెళ్ళి శుభలేఖ ఉంటే చూడండి, మా అనుభవంలో అంతకంటే నమ్మకమైన కాగితం లేదు. దాని ఫోటో పంపినా సరే, పేరు మాత్రం టైపు చేసి కూడా పంపాలి. ఫోటో చూసి మేము టైపు చేస్తే అక్కడో తప్పు దొర్లే అవకాశం ఉంది. వాయిస్ మెసేజ్‌లో చెప్పిన పేర్లు తీసుకోం. ‘శ’ అన్నారో ‘స’ అన్నారో వింటే తెలీదు. ఇంగ్లిష్ అక్షరాల్లో పంపినా మళ్ళీ అడుగుతాం, ‘Padma’ సరే గానీ ‘Sarada’ని శారద అనుకోవాలా, సారద అనుకోవాలా?

ఫోన్‌లో టైపు చేసేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. రాజ్‌కుమార్ అని కొడితే ఒక్కోసారి ‘క’ కిందికి వత్తుగా వెళ్ళి రాజ్కుమార్ అవుతుంది. ఇలాంటివి మేమే విడదీస్తాం. కలిపే కావాలంటే ముందే చెప్పండి.

‘షష్టిపూర్తి’కి మా దగ్గర మామూలుగా ‘ష్టి’ వాడతాం. షష్టి అంటే అరవై, షష్ఠి అంటే ఆరోది, ఆ తిథి. మీరు ‘ష్ఠి’ పంపితే ఒకసారి అడుగుతాం, అదే కావాలంటే అదే చెక్కుతాం. చెంబు మీది, మా పట్టుదల కాదు.

తెలుగు సంవత్సరం ఉగాదికి మారుతుంది, జనవరికి కాదు. 2027 జనవరిలో ఫంక్షన్ అయినా అది పరాభవ నామ సంవత్సరమే. ఈ ఒక్కటీ మేము సరిచూస్తాం. తిథి, నక్షత్రం మాత్రం మీ పురోహితుల్ని అడిగి మీరే పంపాలి.

పేరు ముందు శ్రీ, శ్రీమతి, డాక్టర్, కీ.శే. లాంటివి మీరు రాస్తేనే పెడతాం, మా అంతట మేము చేర్చం. బొమ్మల్లో కలశం, దీపం, తామర ఉన్నాయి, ఏదో ఒకటి ఉచితం. మీ సొంత లోగో అయితే ₹150.

ప్రూఫ్ ఎలా వస్తుంది, ఎలా ఓకే చేయాలి

వివరాలు అందిన మరుసటి పనిదినం సాయంత్రంలోగా చాట్‌లో రెండు ఫోటోలు పంపుతాం. ఒకటి అక్షరాలు మాత్రమే, కొలతలతో. రెండోది అదే డిజైన్‌ని కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీసి చెంబుకి చుట్టిన ఫోటో. చెంబు గుండ్రంగా ఉంటుంది కదా, పొడుగు పేరైతే ఒకేసారి మొత్తం కనిపించదు. అది మీరు ముందే చూసుకోవాలనే రెండో ఫోటో.

ప్రూఫ్ మీద P1 అని నంబరు ఉంటుంది. మార్పు అడిగితే P2, P3 వస్తాయి. రెండుసార్లు మార్పులు ఉచితం, ఆపైన ప్రతిసారీ ₹100. మా తప్పు సరిదిద్దడానికి పంపే ప్రూఫ్ ఈ లెక్కలోకి రాదు.

అంతా బాగుంటే సరిగ్గా ఇలా రాయండి: “P2 ఫైనల్, చెక్కండి.” బొటనవేలి గుర్తు, నమస్కారం గుర్తు, ‘బాగుందండీ’, ‘సూపర్’ – వీటిని ఓకేగా లెక్కలోకి తీసుకోం. ఒకసారి ‘బాగుంది’ అంటే చెక్కేశాం. ఆయన బాగుందన్నది అక్షరాల తీరు, తేదీ ఇంకా చూడనేలేదట. ఆ చెంబు ఇప్పుడు మా వర్క్‌షాపులో మంచినీళ్ళకి వాడుతున్నాం.

ఫైనల్ చెప్పేది ఒక్కరే ఉండాలి. అన్నయ్య P2 అని, అమెరికా నుంచి చెల్లెలు P1 అని చెబితే పని ఆపేస్తాం, మీలో మీరు తేల్చుకుని మొదటి మెసేజ్‌లో రాసిన మనిషే చెప్పాలి.

ఫైనల్ రాకుండా ఎంత అర్జెంటైనా చెక్కం. మూడు రోజులు జవాబు లేకపోతే గుర్తు చేస్తాం, పది రోజులైతే ఆర్డర్ రద్దు చేసి మొత్తం డబ్బు వెనక్కి పంపుతాం.

ఫైనల్ చెప్పాక

మూడు పనిదినాల్లో చెక్కి, ఫోటో పంపి, పార్శిల్ చేస్తాం. ఆంధ్ర, తెలంగాణలకు మామూలుగా 3–4 రోజులు, మిగతా రాష్ట్రాలకు వారం పడుతుంది. ఫంక్షన్‌కి కనీసం 15 రోజుల ముందు ఆర్డర్ పెట్టండి. విదేశాలకు పంపం, ఇక్కడున్న మీవాళ్ళ అడ్రస్ ఇవ్వండి. పేరు చెక్కిన వస్తువు కాబట్టి క్యాష్ ఆన్ డెలివరీ లేదు, ఫైనల్ తర్వాత మార్పులు, రిటర్న్ లేవు.

మీరు ఫైనల్ చేసిన ప్రూఫ్‌కీ చెంబు మీద ఉన్నదానికీ ఒక్క వత్తు తేడా వచ్చినా కొత్తది చెక్కి మా ఖర్చుతో పంపుతాం. ప్రూఫ్‌లో ఉన్న తప్పే చెంబు మీదా పడితే ₹1,200కి కొత్తది చేసిస్తాం, అంతకంటే తగ్గించలేం. సొట్ట పడి వస్తే 48 గంటల్లోగా, డబ్బా విప్పుతున్న వీడియోతో సహా చెప్పండి.

రిటర్న్ గిఫ్టులకి 25 పైన కావాలంటే ఒక్కోటి ₹1,720. ఒక్కోదాని మీద ఒక్కో పేరైతే ఎక్సెల్‌లో వరుసకి ఒక పేరు చొప్పున పంపండి. ప్రూఫ్ కూడా అదే వరుసలో పేజీగా వస్తుంది. ప్రతి పేజీకీ విడిగా ఫైనల్ చెప్పాలి.