సర్క్యులర్ 7: ఏప్రిల్ నుంచి జీతంలో ఏం మారుతుందో మామూలు మాటల్లో

తేదీ: 24 మార్చి 2025
జీడిమెట్ల ప్లాంట్‌లో పర్మనెంట్ ఉద్యోగులందరికీ

అందరికీ నమస్కారం.

శుక్రవారం నోటీసు బోర్డు మీద పెట్టిన సర్క్యులర్ 7 చదివి చాలామంది మా పేరోల్ సెక్షన్‌కి వచ్చారు. "జీతం తగ్గిస్తున్నారంట కదా" అని కొందరు, "బేసిక్ పెరిగిందంటే ఇంక్రిమెంట్ ఇచ్చినట్టేనా" అని కొందరు అడిగారు. రెండూ కాదు. ఆ సర్క్యులర్ భాష ఆడిటర్ల కోసం రాసినట్టుంది, అందుకే ఇది మీ కోసం విడిగా రాస్తున్నాం.

మొత్తం జీతం, అంటే గ్రాస్, ఎవరికీ రూపాయి కూడా మారదు. మారేది దాని లోపలి పంపకం. ఇప్పటిదాకా గ్రాస్‌లో సగం బేసిక్, 20 శాతం హెచ్ఆర్ఏ, మిగతా 30 శాతం స్పెషల్ అలవెన్స్. ఇకనుంచి స్పెషల్ అలవెన్స్ అనే లైన్ ఉండదు, అది బేసిక్‌లో కలిసిపోతుంది. అంటే బేసిక్ 80 శాతం, హెచ్ఆర్ఏ ఎప్పటిలాగే 20 శాతం.

ఎందుకంటే, అందరికీ ఒకేలా ఇచ్చే స్పెషల్ అలవెన్స్‌ని కూడా పీఎఫ్ లెక్కలోకి తీసుకోవాల్సిందేనని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర మాత్రం బేసిక్ మీదే కడుతూ వచ్చాం. ఆడిటర్లు అడిగారు, మేనేజ్‌మెంట్ సరిచేస్తోంది. పాత నెలలకు వెనక్కి లెక్క కట్టి మీ జీతంలో కోత పెట్టడం మాత్రం ఉండదు, సర్క్యులర్ 3వ పేరాలో ఆ మాట రాసి ఉంది.

ఎప్పటినుంచి అంటే ఏప్రిల్ 1 నుంచి. ఏప్రిల్ 7న పడేది మార్చి జీతం, అది పాత లెక్కే. కొత్త లెక్క మొదట కనిపించేది మే 7న. ఆ తారీఖుల్లో బండి అప్పుదో ఇంటి అప్పుదో ఈఎంఐ కట్ అయ్యేవాళ్లు ఖాతాలో కొంచెం ఎక్కువ ఉంచుకోండి, చెక్ బౌన్స్ చార్జీలు ఊరికే పోతాయి.

ఇక అసలు ప్రశ్న, చేతికి ఎంత వస్తుంది. 18,000 గ్రాస్ ఉన్నవాళ్లని తీసుకుందాం, ప్యాకింగ్ హాల్లో ఎక్కువమంది ఇక్కడే ఉన్నారు కాబట్టి. ఇప్పుడు బేసిక్ 9,000, దాని మీద 12 శాతం పీఎఫ్ 1,080. కొత్తగా బేసిక్ 14,400 అవుతుంది, పీఎఫ్ 1,728. ఈఎస్ఐ గ్రాస్ మీద 0.75 శాతం, అంటే 135, అది మారదు. ప్రొఫెషనల్ ట్యాక్స్ 150, అదీ మారదు. వేరే కటింగ్‌లు లేనివాళ్లకి ఇప్పుడు చేతికి 16,635 వస్తుంటే మే 7న 15,987 వస్తుంది. 648 తక్కువ. నెలాఖరుకి ఇంట్లో ఆ 648 ఎంత పెద్దదో మాకు తెలుసు, అందుకే దాన్ని "స్వల్ప మార్పు" అని రాయలేదు (సర్క్యులర్‌లో అలా రాశారు, మేం వద్దన్నాం).

ఆ డబ్బు ఎక్కడికీ పోదు, మీ పీఎఫ్ ఖాతాలోకే వెళ్తుంది. కంపెనీ కూడా తన వంతు 1,080 నుంచి 1,728కి పెంచి కడుతుంది, అది మీ గ్రాస్‌లోంచి తీసేది కాదు. అయితే కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లో పడుతుందనుకోకండి, అందులోంచి బేసిక్ మీద 8.33 శాతం లెక్కన పెన్షన్ పథకానికి పోతుంది. ఈ ఉదాహరణలో పీఎఫ్ ఖాతాలో నెలకి కొత్తగా చేరేది 846 రూపాయలు, పెన్షన్ వైపు సుమారు 450. 2023-24కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం ఇచ్చారు, ఇది చాలా బ్యాంకు డిపాజిట్ల కంటే మెరుగే. జబ్బు, పెళ్లి, ఇల్లు లాంటి అవసరాలకి నిబంధనల ప్రకారం అడ్వాన్స్ తీసుకోవచ్చు.

"నాకు పీఎఫ్ వద్దు, చేతికే ఇవ్వండి" అని అడిగినవాళ్లున్నారు. కుదరదు, ఇప్పటికే సభ్యులైనవాళ్లకి మధ్యలో మానుకునే వీలు లేదు.

పీఎఫ్ కట్టడానికి పరిమితి 15,000 బేసిక్, అంటే కటింగ్ 1,800 దాటదు. మన గ్రేడ్లన్నీ లెక్క వేసి చూశాం, ఈ మార్పు వల్ల ఎవరికీ నెలకి 675 కంటే ఎక్కువ తగ్గదు. గ్రాస్ 30,000, ఆ పైన ఉన్నవాళ్లకి ఇప్పటికే 1,800 కట్ అవుతోంది, వాళ్లకి పీఎఫ్‌లో ఏ తేడా ఉండదు.

లాభపడేది గ్రాట్యుటీలో. అది చివరి బేసిక్‌ని 26తో భాగించి, 15 రోజుల చొప్పున ఎన్నేళ్ల సర్వీసో దానితో గుణించి ఇస్తారు. 18,000 గ్రాస్ మనిషి పదేళ్లు చేసి మానేస్తే పాత లెక్కలో సుమారు 51,923, కొత్త లెక్కలో 83,077. గ్రాట్యుటీకి కావాల్సిన ఐదేళ్లు మనలో చాలామంది ఎప్పుడో దాటేశారు, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నవాళ్లకి ఈ ఒక్క లైనే సర్క్యులర్ అంతటికంటే విలువైంది. సెలవుల ఎన్‌క్యాష్‌మెంట్ కూడా మన దగ్గర బేసిక్ మీదే, కాబట్టి అదీ పెరుగుతుంది.

ఒక మెలిక ఉంది. బోనస్ చట్టం 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, దాన్ని మన దగ్గర బేసిక్‌ని బట్టి చూస్తాం. 26,250 దాటి 42,000 దాకా గ్రాస్ ఉన్నవాళ్ల బేసిక్ ఇప్పుడు ఒక్కసారిగా ఆ గీత దాటేస్తుంది. మేం దీన్ని ముందే లేవనెత్తాం. మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది: వీళ్లకి పోయిన దసరాకి వచ్చిన మొత్తానికి తగ్గకుండా ఎక్స్‌గ్రేషియాగా ఇస్తారు. 4వ పేరాలో ఉంది, ఒకసారి మీ కళ్లతో చదువుకోండి.

ఈఎస్ఐ 21,000 గ్రాస్ వరకే, గ్రాస్ మారట్లేదు కాబట్టి ఎవరి కార్డూ ఆగదు, సనత్‌నగర్ ఆసుపత్రికి మామూలుగానే వెళ్లొచ్చు. ఈఎస్ఐలో లేనివాళ్ల గ్రూప్ మెడికల్ పాలసీ 2 లక్షల నుంచి 3 లక్షలకి పెరిగింది, దానికి మీ దగ్గర ఏమీ కట్ చేయరు. అమ్మానాన్నల్ని చేర్చుకోవాలంటే నెలకి 450. ఇష్టమైతేనే, ఏప్రిల్ 15 లోపు ఫారం ఇవ్వాలి, ఇవ్వకపోతే మళ్లీ ఏడాది ఆగాలి.

సూపర్‌వైజర్లు, మేనేజర్లకి ఒక్క మాట. పాత ట్యాక్స్ విధానంలో ఉండి ఇంటి అద్దె మినహాయింపు చూపించేవాళ్లకి బేసిక్ పెరిగితే ఆ మినహాయింపు తగ్గొచ్చు, ఎందుకంటే అద్దెలోంచి బేసిక్‌లో పది శాతం తీసేసి లెక్క వేస్తారు. కొత్త విధానంలో 12 లక్షల వరకు ట్యాక్స్ పడదు కాబట్టి రెండూ పోల్చుకుని ఏప్రిల్ 10 లోపు ఏది కావాలో రాసివ్వండి. రాసివ్వకపోతే కొత్త విధానం ప్రకారమే కట్ చేస్తాం.

కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకి, అప్రెంటిస్‌లకి ఈ సర్క్యులర్ వర్తించదు.

సందేహాలుంటే షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని పట్టుకోకండి, పాపం వాళ్లకీ మీకు తెలిసినంతే తెలుసు. టైమ్ ఆఫీసు పక్కన పేరోల్ సెక్షన్, ఎక్స్‌టెన్షన్ 214, సోమవారం నుంచి శనివారం వరకు మధ్యాహ్నం 2 నుంచి 5. నైట్ షిఫ్ట్ వాళ్ల కోసం మార్చి 27, 28 తారీఖుల్లో ఉదయం 6 గంటలకి క్యాంటీన్‌లో కూర్చుంటాం, ఒక పాత పేస్లిప్ తెచ్చుకుంటే అక్కడే మీ లెక్క వేసి కాగితం మీద రాసిస్తాం. మెడికల్ పాలసీ ఫారాలు మాత్రం హెచ్ఆర్ దగ్గర, ఎక్స్‌టెన్షన్ 209. పీఎఫ్ నిజంగా పడిందా లేదా అని చూసుకోవాలంటే యూఏఎన్‌కి లింక్ అయిన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇవ్వండి, బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. ఏప్రిల్ డబ్బు మే నెలాఖరుకి కూడా అందులో కనిపించకపోతే నేరుగా మా దగ్గరికి రండి.

ఇట్లు,
పేరోల్ సెక్షన్