ఇంటి విజిట్ మార్కుల కాయితం: 74 ఏండ్ల అవ్వ, బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులు

మండలం: మర్రిగూడ, నల్లగొండ జిల్లా
పోయింది: ఊరి ఆశా కార్యకర్త. పక్కన నిలవడి చూసి మార్కులు వేసింది: పీహెచ్‌సీ స్టాఫ్ నర్సు
ఎప్పుడు: నవంబర్ రెండో బుధవారం, పొద్దుగాల 6.20 నుంచి 7.35 దాక
ఎందుకు: అవ్వ 15 రోజుల కింద ఇంటి ఎనక పడ్డది, అటెన్క ఫస్టు విజిట్

పేషెంట్ పేరు ఇండ్ల రాయలె, రిజిస్టర్‌ల నంబర్ ఉన్నది, కాయితం మీటింగ్‌ల చేతులు మారుతది కాబట్టి.

మార్కులు ఎట్లేసిన్నంటే, మొత్తం 12 అంశాలు, చేయకపోతే 0, సగం చేస్తే 1, సరిగ్గ చేస్తే 2, అన్నీ కలిపి 24. నేను గుర్తు చేసినంక చేసినయ్‌కు మార్కు లేదు, ఎందుకంటే రేపు నేను పక్కన ఉండను గద. 5, 6, 7 చుక్క గుర్తు అంశాలు, వీట్ల ఒక్కటి 0 వచ్చినా మొత్తం ఎంతొచ్చిందని చూడకుండ 2 రోజులల్ల మళ్ళ అదే ఇంటికి పోవాలె.

1. పోయిన టైము, పలకరింపు, ఒప్పుకోలు: 2
ఇది పత్తి ఏరే సీజన్, కోడలు 7 కొట్టంగనే ఆటో ఎక్కి చేనుకు పోతది, కొడుకు హైదరాబాద్‌ల మేస్త్రి పని, అందుకే చెల్లె నువ్వు 10 గంటలకు కాకుండ పొద్దుగాలనే పోవాలన్నవ్, అది నీ ఆలోచనే, మంచి ఆలోచన. గడపకాడనే నిలవడి "అవ్వా, లోపటికి రావచ్చా, ఇయ్యాల నర్సమ్మ గూడ వచ్చింది, ఉండమంటవా" అని అడిగినవ్. అవ్వ రమ్మన్నంకనే చెప్పులు ఇడిచినవ్.

2. చేతులు కడుగుడు: 1
షుగర్ చూసేముందర సబ్బుతోని కడిగినవ్, కాళ్ళు ముట్టుకున్నంక కడగకుండనే గోళీల డబ్బ పట్టినవ్.

3. ముందుగాల అవ్వ మాట వినుడు: 2
మిషన్ తియ్యకముందు 7, 8 నిమిషాలు ఊకె కూసున్నవ్, "ఎట్లున్నవ్ అవ్వా" అన్నవ్ అంతే, మధ్యల అడ్డం పోలే. మనోళ్ళల్ల శానమంది ఇక్కడనే తొందరవడి కాయితం తీసి ప్రశ్నలు చదువుతరు. అవ్వ మోకాళ్ళ గురించి చెప్పుకుంట చెప్పుకుంట తొమ్మిది గంటలప్పుడు చెమటలు వడుతున్నయ్ అన్నది, ఆ ఒక్క మాటనే కింద 6వ అంశానికి దారి చూపింది.

4. బీపీ చూసే పద్ధతి: 1
పట్టీ సరైన జాగల కట్టినవ్, రెండు సార్లు చూసినవ్. కానీ అవ్వ వంటింట్లకెళ్ళి నడుచుకుంట వచ్చి కూసోంగనే పెట్టేసినవ్, 5 నిమిషాలు ఊకె కూసోవెట్టాలె, చెయ్యి గుండె ఎత్తుల ఏదన్న దాని మీద ఆనిచ్చి పెట్టాలె, నువ్వు చెయ్యి కిందికి వేలాడనిచ్చినవ్, పైకెళ్ళి మాట్లాడించుకుంటనే చూసినవ్. ఇట్లైతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తది. ఫస్టు 158, నిమ్మలం అయినంక 148/86 వచ్చింది. 158 రాసుకొని పోతే డాక్టర్ సారు గోళీ పెంచుతడు, పెంచితే ఈ అవ్వకు ఏమైతదో కింద చదువు.

5. పడిపోయే ముప్పు, నిలవెట్టి బీపీ (చుక్క గుర్తు): 0
దీని మీద జర ఎక్కువ రాస్తున్న, కోపం తెచ్చుకోకు. రిజిస్టర్‌ల నువ్వు "కాలు జారి పడ్డది" అని రాసినవ్, ఎట్ల పడ్డవ్ అవ్వా అని మాత్రం అడగలే. నేను అడిగితే ఏం చెప్పిందో నువ్వూ విన్నవ్, తెల్లారుజామున ఒంటికి పోదామని మంచం మీదికెళ్ళి దిగ్గున లేచిందట, నాలుగు అడుగులు వేసిందో లేదో కండ్లు చీకట్లు కమ్మినయట, అప్పుడు పడ్డది. కాలు జారిన జాగ తడి లేదు, నున్నగ లేదు. అది జారుడు కాదు.

నిలవెట్టి చూస్తే 1 నిమిషానికి 122/76, 3 నిమిషాలకు 124/76. కూసున్నప్పుడు 148 ఉన్నది నిలవడంగనే 26 పడిపోయింది. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ 3 నిమిషాలల్ల తగ్గితే లేచినప్పుడు బీపీ పడిపోతున్నట్టే లెక్క, ఇండ్ల రెండూ పడ్డయ్. ముసలోళ్ళల్ల, శాన ఏండ్ల కెళ్ళి షుగర్ ఉన్నోళ్ళల్ల ఇది మామూలుగనే కనవడతది, కానీ కూసోవెట్టి చూస్తే దొరకదు. బీపీ మిషన్ నీ చేతులనే ఉండె, ఇంకో 3 నిమిషాలు వట్టేది. మిషన్ నువ్వే నొక్కినవ్ అని 1 ఇద్దామనుకున్న, కానీ నేను లేకుంటే అడగకపోదువు, అందుకే 0.

అవ్వకు చెప్పేది ఎట్లుండాలంటే, లేచేముందర మంచం మీదనే కూసొని కాళ్ళు వేలాడేసి మడిమలు ఆడియ్యి, వంద లెక్కవెట్టు, అటెన్క దేన్నన్న పట్టుకొని నిలవడు, కండ్లు తిరిగితే మళ్ళ కూసో. బీపీ గోళీ ఆపుమని గానీ తగ్గియ్యమని గానీ మనం చెప్పొద్దు, అది డాక్టర్ సారు పని.

6. షుగర్, తిండి టైము (చుక్క గుర్తు): 2
పరిగడుపున 92 వచ్చింది. ఇంకొకరైతే మంచిగున్నదని రాసి లేస్తురు. నువ్వు లేవలే, చెమటల మాట గుర్తువెట్టుకొని "గోళీ ఎప్పుడేస్తవ్, రొట్టె ఎప్పుడు తింటవ్" అని అడిగినవ్. గ్లిమెపిరైడ్ గోళీ 6 గంటలకు వేసుకుంటది, కోడలు పోయినంక ఒక్కతే తినబుద్ధి కాక 10 దాటినంక తింటది. నడుమల చేతులు వణుకుడు, చెమటలు, గాబరా. షుగర్ పడిపోతున్నదని పట్టుకున్నది నువ్వు, నేను కాదు. అవ్వ ఇది మోకాళ్ళ నొప్పికే అనుకుంటున్నది ఇన్ని దినాలు.

మెడికల్ ఆఫీసర్‌కు అక్కడికెళ్ళే ఫోన్ చేసినవ్, సారు చెప్పింది అవ్వకు అర్థమయ్యేటట్టు చెప్పినవ్, కంచం ముందర పెట్టుకున్నంకనే ఆ గోళీ, తినే పరిస్థితి లేని పూట ఆ గోళీ వద్దు. వణుకుడు మొదలైతే 3 చెంచాల చక్కెర నీళ్ళల్ల కలిపి తాగి 15 నిమిషాలకు తగ్గకుంటే మళ్ళ తాగి పక్కింటోళ్ళను పిలువుమన్నవ్. చక్కెర చిన్న డబ్బల పోసి మంచం పక్కన పెట్టించినవ్. 2 కంటే ఎక్కువ వేసే జాగ ఉంటే వేస్తుంటి.

7. ఇంట్లున్న గోళీలన్ని చూసుడు (చుక్క గుర్తు): 1
బీపీ, షుగర్‌కు సర్కారు ఇచ్చే ఎన్‌సీడీ కిట్టుల గోళీలు లెక్కవెట్టి, ఎన్ని మిగిలినయో చూసి రాసినవ్, అది సరే. "ఇవి గాక ఇంకేమన్న వేసుకుంటున్నవా" అనే మాట రాలే. నేను అడిగినంక అవ్వ మెత్త కిందికెళ్ళి ప్లాస్టిక్ కవరు తీసింది, దాంట్ల డైక్లోఫెనాక్, రోజుకు రెండు, నెలన్నర కెళ్ళి. నొప్పులకు ఊళ్ళె తెచ్చుకున్నయ్. బీపీ షుగర్ ఉన్న ముసలి మనిషి ఇన్ని దినాలు వేసుకుంటే కిడ్నీలు ఖరాబయ్యే భయం ఉంటది, బీపీ పెరుగుతది, కడుపుల పుండు పడొచ్చు. కిడ్నీలు దెబ్బతింటే షుగర్ గోళీ గూడ ఒంట్ల ఎక్కువసేపు ఆగి షుగర్ ఇంకింత పడిపోతది, అంటే 6, 7 రెండూ ఒకదానికొకటి ముడివడి ఉన్నయ్.

ఇంకొకటి, అవ్వను తిట్టొద్దు. "ఎందుకు దాచినవ్" అని కోడలు అంటుంటే నువ్వు ఆపినవ్, అది నాకు నచ్చింది. దాయలే ఆమె, మనం అడగలే.

8. కాళ్ళు, చర్మం: 2
రెండు పాదాలు, వేళ్ళ సందులు, మడిమలు వెలుతుర్ల చూసినవ్. ఎడమ మడిమ పగులు చూపిచ్చి చెప్పుల్లేకుండ ఆకిట్లకు గూడ పోవద్దన్నవ్.

9. తిండి, నీళ్ళు: 1
తాగే నీళ్ళేవి అని అడిగినవ్, భగీరథ నల్లా అన్నది, రాసుకున్నవ్. వంటకేవి అని అడగలే. నల్లా రాని రోజు పప్పుకు, అంబలికి బోరు నీళ్ళే పోస్తున్నరు, "కాగవెడుతున్నం గద" అని కోడలు అన్నది. కాగవెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇంకి ఇంకింత చిక్కవడతది. మన మర్రిగూడల ఈ మాట ప్రతి ఇంట్ల చెప్పాలె, అవ్వ నడుము వంగక కట్టె లెక్క అయింది చూసినవ్ గద, ఎముకల పేరుకున్నది మళ్ళ తియ్యరాదు, చిన్న మనవలకన్న రాకుండ చూడాలె. నల్లా వచ్చిననాడు రెండు బిందెలు వంటకు పక్కకు పెట్టుమని చెప్పిన.

10. మనసు, మతిమరుపు: 1
ప్రశ్నలు సరైనయే, రెండు వారాల కెళ్ళి దేని మీదన్న మనసు పోతలేదా, దిగులుగ ఉంటున్నదా అని. జాగనే సరైంది కాదు, కోడలు ముందర అడిగినవ్, అవ్వ "నాకేమైంది బిడ్డా, మంచిగున్న" అన్నది. కోడలు పోయినంక నాతోని వేరే చెప్పింది, ముసలాయిన పోయిన కాంచి నిద్ర వడ్తలేదని. ఇది ఒక్కతే ఉన్నప్పుడు అడగాలె.

11. ఇల్లు, బాత్రూం: 2
ఎనక బాత్రూంకు పోయే తొవ్వల బల్బు పోయింది చూసినవ్, మనవన్ని లేపి బల్బు మార్పిచ్చినవ్, కట్టెపేళ్ళు పక్కకు జరిపిచ్చినవ్, చేతికర్ర మంచం తలాపు దిక్కు పెట్టినవ్. గడపకు పక్కన పట్టుకునేటందుకు పైపు వేసేది మేస్త్రి కొడుకుకు ఫోన్ల చెప్పినవ్, ఆదివారం వస్తడట.

12. చెప్పింది తిరిగి చెప్పిచ్చుడు: 2
"అర్థమైందా" అని అడగలే, "రేపొద్దుగాల గోళీ ఎట్లేస్తవో నాకు చెప్పు" అన్నవ్. అవ్వ ఫస్టుసారి తప్పు చెప్పింది, మళ్ళ నిమ్మలంగ చెప్పినవ్, రెండోసారి సరిగ్గ చెప్పింది. కోడలితోని గూడ చెప్పిచ్చినవ్.

మొత్తం: 24కు 17

17 చెడ్డది కాదు, కానీ చుక్క గుర్తు అంశం 5ల 0 ఉన్నది కాబట్టి శుక్రవారం పొద్దుగాల 6.20కు మళ్ళ పోవాలె, నేనూ వస్త, ఈసారి నోరు తెరవను.

శుక్రవారం దాక చేసేవి: ఐదు నిమిషాలు కూసోవెట్టి, అటెన్క నిలవెట్టి బీపీ చూసుడు మీ ఇంట్ల అత్తమ్మ మీద రెండు సార్లు చేసి రా. నొప్పి గోళీలు ఆపినంక అవ్వకు నొప్పి ఎక్కువైతది, ఆపుమని ఊకుంటే మళ్ళ తెచ్చుకుంటది, అందుకే పారాసిటమాల్ ఎంత, ఎన్నిసార్లు అనేది సారును అడిగి రాయించుకొని పోదాం. వచ్చే ఎన్‌సీడీ క్లినిక్ నాడు అవ్వను పీహెచ్‌సీకి తీసుకరావాలె, కిడ్నీలు ఎట్లున్నయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కోసం రక్తం అక్కడనే తీసి సర్కారు ల్యాబు టీ డయాగ్నొస్టిక్స్‌కు పంపుతరు. ఈ కాయితం 5, 6, 7 అంశాల నకలు ఇయ్యాలనే సారు టేబుల్ మీద పెట్టిన, లేచినప్పుడు బీపీ పడిపోతున్నదనేది ఎర్ర పెన్నుతోని రాసిన. ఈ లోపల అవ్వ మళ్ళ పడ్డా, మాట తడవడ్డా, చక్కెర తాగినా తెలివి సరిగ్గ లేకున్నా నా కోసం ఆగొద్దు, 108కు కొట్టు.