మాయ కిందికి ఉందన్నారని నిద్ర మానేసిన లావణ్యకి

లావణ్యా, రాత్రి పన్నెండుకి నువ్వు పంపిన టిఫా స్కాన్ రిపోర్టు ఫోటో పొద్దున ఓపీకి వెళ్లేముందు చూశాను. ఫోన్లో చెబితే నీకు సగమే గుర్తుంటుంది, అందుకే రాసి పెడుతున్నా, ప్రవీణ్‌కి కూడా చూపించు.

ముందు బిడ్డ సంగతి. గుండె, వెన్ను, మెదడు, ఎదుగుదల అన్నీ బాగున్నాయని రాశారు. అదంతా వదిలేసి చివర్లో ఉన్న ఒక్క లైను పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నావు. ఆ లైనులో ఉన్నది ఇంతే: మాయ గర్భసంచి వెనక గోడకి అతుక్కుని ఉంది, దాని కింది అంచు గర్భసంచి మూతికి 14 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఈ దూరం 20 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే లో లైయింగ్ ప్లాసెంటా అని రాస్తారు. మూతిని కప్పేస్తే అది ప్లాసెంటా ప్రీవియా, నీది అది కాదు. మీ పక్కింటావిడ చెప్పింది బహుశా ప్రీవియా కథ అయ్యుంటుంది, రెండూ కలిపేసుకుని భయపడకు.

ఇప్పుడు నీకు 20 వారాలు. గర్భసంచి కింది భాగం ఇంకా సాగలేదు, అది అసలు సాగేది ఏడో నెల తర్వాతే. ఒక బూర తెచ్చి, ఊదకముందే మూతికి కాస్త పైన స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, ఊదుతూ చూడు. చుక్క ఎక్కడికీ నడవదు, మధ్యలో రబ్బరు సాగి మూతికి దూరమవుతుంది. మాయ పైకి జరిగింది అని మేం అనేది దీన్నే. ఐదో నెలలో ఇలా కనబడిన 10 మందిలో ఇంచుమించు 9 మందికి నెలలు నిండేసరికి అడ్డు తొలగిపోతుంది. వెనక గోడకి ఉన్న మాయ ముందు గోడది జరిగినంత తేలిగ్గా జరగదు, కాబట్టి ఆ పదో మనిషివి నువ్వే కావచ్చు కూడా, అందుకే మళ్లీ చూస్తాం.

ఎప్పుడంటే 32 వారాలకి, అంటే ఇంకో మూడు నెలలకి. మధ్యలో ప్రతి పదిహేను రోజులకీ స్కాన్ చేయించుకున్నంత మాత్రాన మాయ తొందరగా ఏమీ జరగదు, డబ్బు దండగ. 32 వారాల స్కాన్ యోనిలోకి సన్నటి రాడ్డు పెట్టి లోపలి నుంచి చేస్తారు, సిగ్గుపడి వద్దనకు. ఆ రాడ్డు గర్భసంచి మూతిలోకి పోదు, బిడ్డకి ఏమీ కాదు, పొట్ట మీంచి చేసేదానికంటే కొలత కచ్చితంగా వస్తుంది. బొడ్డుతాడు రక్తనాళాలు మూతి దగ్గర అడ్డంగా ఉన్నాయేమో కూడా అప్పుడే చూడమని అడుగు. ఇంకా కిందే ఉంటే 36 వారాలకి మరోసారి చూసి కాన్పు సంగతి తేలుస్తారు: 20 మిల్లీమీటర్లు దాటితే మామూలు కాన్పే, 10 నుంచి 20 మధ్య ఉంటే మాట్లాడుకుని ప్రయత్నించొచ్చు, మరీ దగ్గరైనా కప్పేసినా సిజేరియన్.

ఇక రక్తస్రావం. దీనికి నొప్పి ఉండకపోవచ్చు, ఎర్రగా కనబడుతుంది, కాసేపటికి ఆగిపోతుంది కూడా. ఆగిపోయింది కదా అని పడుకోవద్దు, ప్యాడ్ పెట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లు, లోపలికి అడుగు పెట్టగానే మాయ కిందికి ఉందని చెప్పు, స్కాన్ చూడకుండా ఎవరూ వేలితో పరీక్ష చెయ్యకూడదు. నీది బి నెగటివ్, కాబట్టి రక్తం కనబడితే యాంటీ డి ఇంజెక్షన్ గురించి మూడు రోజుల లోపే తేలాలి. ఫైలు బీరువాలో కాదు, హ్యాండ్‌బ్యాగులో ఉండాలి.

మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి పడుకోబెడుతున్నారన్నావు. దానివల్ల మాయ పైకి పోదు, రోజంతా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. ఆఫీసుకి వెళ్లు, వంట చేసుకో, నడువు. బిందెలు, గ్యాస్ సిలిండరు ఎత్తకు. కలవడం గురించి ప్రవీణ్ అడగమన్నాడన్నావు కదా, నేనైతే 32 వారాల స్కాన్ దాకా ఆగమనే చెబుతాను.

ఏడో నెలలో పుట్టింటికి వెళ్లే ఆలోచన మాత్రం ఆ స్కాన్ చూశాకే. పిన్ని వాళ్లూరి నుంచి బ్లడ్ బ్యాంకున్న ఆసుపత్రికి గంటన్నర పడుతుంది, రాత్రిపూట ఇంకా ఎక్కువే. మాయ అప్పటికీ కిందే ఉంటే హైదరాబాద్‌లోనే ఉండు, పిన్నే వస్తుంది. హిమోగ్లోబిన్ 9.8 ఉంది, అది నాకు నచ్చలేదు, ఐరన్ మాత్ర టీతో వేసుకోవడం మానెయ్యి, నిమ్మరసంతో వేసుకో.

ఆదివారం ఫోన్ చెయ్యి, మీ అత్తయ్యగార్ని కూడా పక్కన కూర్చోబెట్టు, ఇటుకల సంగతి నేను మాట్లాడతాను.