దవడ వంకర, మానేసిన రాత్రి భోజనం, ఫోన్‌లో కొలతలు: కేస్ చర్చ

సైకియాట్రీ, క్లినికల్ సైకాలజీ పీజీ విద్యార్థుల కోసం తయారుచేసిన కేసు ఇది. పేషెంట్ కల్పితం. ఒక్కో భాగం చదివాక ఆగి, అప్పటికి మీకు తోచిన డయాగ్నోసిస్‌ను ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత మనసు మారినా పాతది కొట్టెయ్యకండి. ఎక్కడ, ఎందుకు మారిందన్నదే మన చర్చ.

మొదటి భాగం: రిఫరల్

ఇరవై ఒక్క ఏళ్ల యువతి, డిజైన్ కోర్సు మూడో ఏడాది. దవడ సర్జరీ కోసం వెళితే అక్కడి సర్జన్ మన దగ్గరికి పంపారు. రిఫరల్ చీటీలో ఉన్నది ఇంతే: "దవడ రెండు వైపులా తేడా మామూలు పరిధిలోనే ఉంది. ఆపరేషన్ అవసరం లేదని చెప్పినా ఒప్పుకోవడం లేదు. ఏడాదిలో కలిసిన మూడో సర్జన్‌ని నేను. బరువు తగ్గుతోందని తల్లి అంటున్నారు."

మొదటి ఇంటర్వ్యూ చేసిన ట్రైనీ రాసిన నోట్స్:

ఎత్తు 163 సెంటీమీటర్లు, బరువు 51 కిలోలు. ఎనిమిది నెలల కిందట 58. రాత్రి భోజనం మానేసింది. ఉప్పు బాగా తగ్గించింది, సాయంత్రం ఆరు దాటాక నీళ్లు కూడా తాగదు. వాంతులు, విరేచన మందులు, అతిగా తినడం లేవు. నెలసరి సక్రమమే. పల్స్, బీపీ, పొటాషియం, ఈసీజీ నార్మల్.

రోజుకు మూడు నాలుగు గంటలు అద్దంలోనో ఫోన్ కెమెరాలోనో ముఖం చూసుకుంటుంది. ముఖం ఫొటోను నిలువుగా రెండు సగాలు చేసి, ఒక సగాన్ని తిప్పి రెండో దాని మీద పెట్టి తేడా కొలుస్తుంది. కొలతలన్నీ తేదీలవారీగా దాచుకుంది. పన్నెండేళ్ల వయసులో స్విచ్‌లను నాలుగేసి సార్లు ముట్టుకునే అలవాటు ఉండేది. తల్లికి ఓసీడీ, మందులు వాడుతున్నారు.

చివర్లో ట్రైనీ అంచనా: "ఓసీడీ, సమరూపత రకం. అనొరెక్సియా ఉందేమో చూడాలి."

ఇక్కడ ఆగండి.

ఈ అంచనా ఎందుకు సహజం

ట్రైనీని తప్పుపట్టడానికి లేదు. కొలతలు, లెక్కలు, చిన్నప్పటి స్విచ్‌లు, తల్లి జబ్బు అన్నీ ఓసీడీ వైపు వేలు చూపిస్తున్నాయి. తగ్గిన తిండి, ఏడు కిలోల బరువు ఈటింగ్ డిజార్డర్ వైపు చూపిస్తున్నాయి. ప్రస్తుత బీఎంఐ సుమారు 19 కాబట్టి అనొరెక్సియా కాదు అని కొట్టిపారేయడం కూడా కుదరదు. బరువు గణనీయంగా తగ్గి ఇంకా నార్మల్ పరిధిలోనే ఉన్నవాళ్ల కోసం అటిపికల్ అనొరెక్సియా అనే వర్గం డీఎస్ఎం-5లో ఉంది. నెలసరి ఆగిపోవడం ఇప్పుడు ప్రమాణం కాదు కనుక అది సక్రమంగా ఉందన్న మాట కూడా పెద్దగా ఉపయోగపడదు.

నోట్స్‌లో లోపించింది ఒక్కటే. ఆమె ఏం చేస్తోందో వివరంగా ఉంది, ఎందుకు చేస్తోందో ఒక్క చోటా లేదు. చేసే పని ఒకటే అయినా దాని వెనక భయం వేరు కావచ్చు. ఓసీడీ, ఈటింగ్ డిజార్డర్, రూపంలో లోపం ఉందన్న బాధే ప్రధానమైన బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అంటే బీడీడీ, ఈ మూడు జబ్బులు విడిపోయేది ఆ భయం దగ్గరే.

రెండో భాగం: రెండో ఇంటర్వ్యూ

సీనియర్ డాక్టర్ మళ్లీ మాట్లాడారు. కొంత భాగం యథాతథంగా:

"రాత్రి భోజనం మానేశారు కదా. తింటే ఏమవుతుందని?"

"పొద్దున్నకి ముఖం ఉబ్బుతుంది మేడమ్. ఉబ్బితే ఎడమ దవడ ఇంకా బయటికి వస్తుంది. ఉప్పు, నీళ్లు కూడా అందుకే."

"బరువు ఎన్ని రోజులకోసారి చూసుకుంటారు?"

"చూసుకోను. ఇంట్లో మెషిన్ కూడా లేదు. ఇక్కడ చూశాకే 51 అని తెలిసింది."

"పొట్ట, తొడలు, నడుము గురించి ఏమైనా బాధ ఉందా?"

"వాటికేం, బాగానే ఉన్నాయి. ముఖమే."

"ఒక మాట అడుగుతాను, ఊహించి చెప్పండి. మీ దవడ రేపటికల్లా మీకు నచ్చినట్టు అయిపోయింది. బదులుగా ఎనిమిది కిలోలు పెరగాలి. ఒప్పుకుంటారా?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇప్పుడే ఒప్పుకుంటాను. అసలు బుగ్గలు లోపలికి పోయాక దవడ ఇంకా ఎక్కువ కనిపిస్తోందేమో అనిపించి, రెండు వారాల నుంచి మధ్యాహ్నం ఎక్కువ తింటున్నాను."

మన చర్చకు అన్నిటికన్నా విలువైన జవాబు ఈ చివరిదే. బరువు పెరగడమంటే భయం ఉన్నవాళ్లకు ఆ బేరం చాలా కష్టం, ఊహలో కూడా తటపటాయిస్తారు. ఈమె తిండి తగ్గించింది ముఖం కోసం, పెంచిందీ ముఖం కోసమే. అయితే ఒక్క ప్రశ్నతో ఈటింగ్ డిజార్డర్ లేదని తేల్చేయకూడదు. జవాబులు దాచే పేషెంట్లుంటారు. కాబట్టి తల్లిని విడిగా అడిగారు. కూతురు బట్టలు బిగుతయ్యాయని ఎప్పుడూ అనలేదని, తిన్నాక బాత్రూమ్‌కి పరుగెత్తడం, విపరీతంగా వ్యాయామం చేయడం లేవని ఆమె చెప్పారు.

ఇప్పుడు కొలతల సంగతి.

"గోడ మీద ఫొటో వంకరగా ఉంటే మీకు ఇబ్బందిగా ఉంటుందా? టేబుల్ మీద వస్తువులు వరసగా లేకపోతే?"

"లేదు. నా టేబుల్ చూస్తే మీరు నవ్వుతారు."

"మరి ముఖంలో రెండు సగాలు కలవకపోతే ఏమనిపిస్తుంది? ఏదో సరిగ్గా కుదరలేదనా, ఇంకేమైనానా?"

"అసహ్యంగా ఉన్నాననిపిస్తుంది. బస్సులో పక్కనున్నవాళ్లు లేచి వేరే సీటుకి వెళ్తే నా ముఖం చూడలేకే అనుకుంటాను. క్లాసులో ఎడమవైపు గోడ పక్కనే కూర్చుంటాను, ఆ వైపు ఎవరికీ కనపడకుండా."

సమరూపత ఓసీడీలో బాధ "కుదరలేదు" అన్న అసంపూర్తి భావన. కొందరిలో, ఇది సరిచేయకపోతే ఏదో కీడు జరుగుతుందన్న భయం కూడా కలుస్తుంది. ఇక్కడ బాధ అందవికారం, సిగ్గు, ఇతరుల చూపు. సమరూపత అన్న మాట రెండు చోట్లా వాడొచ్చు గానీ జబ్బు వేరు.

తర్వాత చిన్నప్పటి స్విచ్‌ల గురించి అడిగారు.

"నాలుగు సార్లు ముట్టుకోకపోతే నాన్నకి యాక్సిడెంట్ అవుతుందనిపించేది. అది పిచ్చి ఆలోచనని అప్పుడే తెలుసు మేడమ్. అయినా ఆగలేకపోయేదాన్ని. పదహారేళ్లకి దానంతటదే పోయింది."

"దవడ ఆలోచన కూడా అలాంటిదే అనిపిస్తుందా?"

"అదెలా అవుతుంది? అది ఊహ, ఇది కనిపిస్తోంది కదా."

ఒకే మనిషిలో రెండు జబ్బుల తేడా ఇంత శుభ్రంగా బయటపడటం అరుదు. అందుకే ఈ కేసును ఇలా కల్పించాం. పన్నెండేళ్ల పిల్లగా తన ఆలోచన అర్థం లేనిదని గుర్తుపట్టిన మనిషి, ఇరవై ఒక్క ఏళ్లకు దవడ విషయంలో గుర్తుపట్టలేకపోతోంది. బీడీడీలో ఇన్‌సైట్ సాధారణంగా ఓసీడీలో కన్నా తక్కువ. చాలామంది లోపం నిజంగానే ఉందని నమ్ముతారు, కొందరిలో ఆ నమ్మకం డెల్యూజన్ స్థాయికి చేరుతుంది. అలా చేరినా డీఎస్ఎం-5 ప్రకారం అది బీడీడీయే. ఇన్‌సైట్ లేదని పక్కన రాస్తాం తప్ప విడిగా సైకోసిస్ డయాగ్నోసిస్ పెట్టం. బస్సు సీటు మాట విని యాంటీసైకోటిక్ ఒక్కటే రాసేసే వాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఎవరూ అడగని ప్రశ్న

బీడీడీ ఉన్నవాళ్లు సిగ్గుతో చెప్పరు, మనం అడిగితేనే చెబుతారు. డిప్రెషన్ అనో, జనంలోకి వెళ్లాలంటే టెన్షన్ అనో వస్తారు. లేదా నేరుగా చర్మ వైద్యుడి దగ్గరికి, సర్జన్ దగ్గరికి వెళ్తారు. ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు ఈ జబ్బులో బాగా ఎక్కువ. అందుచేత డయాగ్నోసిస్ తేలేదాకా ఆగకుండా మొదటి రోజే సూటిగా అడగాలి. ఈమెను అడిగినప్పుడు, నెల రోజుల్లో రెండు సార్లు "ఈ ముఖంతో బతకడమెందుకు" అనిపించిందని చెప్పింది. పథకం లేదు, గతంలో ప్రయత్నం లేదు. సర్జన్ కాదన్న రోజే మొదటిసారి ఆ ఆలోచన వచ్చిందట. ఆ రోజే తల్లిని కూర్చోబెట్టుకుని సేఫ్టీ ప్లాన్ రాశారు.

ప్రశ్నావళుల గురించి ఒక హెచ్చరిక

ఆమెకు ఈటింగ్ డిజార్డర్ ప్రశ్నావళి ఇచ్చారు. బరువు గురించిన అంశాల్లో స్కోరు తక్కువ, ఆకృతి గురించిన అంశాల్లో ఎక్కువ. కాగితం మాత్రమే చూస్తే అటిపికల్ అనొరెక్సియా అనిపిస్తుంది. "ఆకృతి అంటే ఏమనుకుని గుర్తు పెట్టారు?" అని అడిగితే "ముఖం ఆకృతి" అంది. సెల్ఫ్ రిపోర్టులో అనుమానం వచ్చిన ప్రతి అంశాన్నీ నోటితో మళ్లీ అడగండి. బీడీడీకి మార్చిన వై-బాక్స్ స్కేలులో 48కి 31 వచ్చింది. ఆ స్కేలు తీవ్రతను కొలుస్తుంది, డయాగ్నోసిస్‌ను ఇవ్వదు. మామూలు వై-బాక్స్‌లో ప్రస్తుతం చెప్పుకోదగ్గ లక్షణాలేవీ లేవు.

మూడో భాగం: తేల్చినది

బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్, ఇన్‌సైట్ తక్కువ. గతంలో ఓసీడీ, ఇప్పుడు లక్షణాలు లేవు. ఈటింగ్ డిజార్డర్ లేదు. కానీ తిండి, బరువు ప్రతి విజిట్‌లో చూడాలి, ఎందుకంటే బీడీడీ, ఈటింగ్ డిజార్డర్ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

డీఎస్ఎం-5 రెండింటికీ గీసిన గీత ఇది: బాధ శరీరంలోని కొవ్వు, బరువు గురించి మాత్రమే అయి, ఆ లక్షణాలు ఈటింగ్ డిజార్డర్‌కు సరిపోతే బీడీడీ పెట్టకూడదు. ఓసీడీతో గీత ఇంకా సన్నం. 2013లో బీడీడీని సొమాటోఫార్మ్ వర్గం నుంచి తీసి ఓసీడీ పక్కన పెట్టారు, ఐసీడీ-11 కూడా అదే దారి పట్టింది. పక్కన పెట్టారు కదా అని చికిత్స ఒకటే అనుకోకూడదు. రెండింటికీ ఎస్ఎస్ఆర్ఐ మందులు, సీబీటీ వాడతాం. కానీ బీడీడీలో అద్దాన్ని ఎలా చూడాలో, ముఖమంతటినీ ఒక్కటిగా ఎలా చూడాలో నేర్పాలి. జనం తనను చూసే చూపు మీద పని చేయాలి. నమ్మకం గట్టిగా ఉన్నవాళ్లను చికిత్సకు ఒప్పించడానికే కొన్ని సెషన్లు పడతాయి. దవడ బాగానే ఉందని వాదించడం వృథా. "మూడు నాలుగు గంటలు దీనికే పోతున్నాయి, క్లాసు ప్రెజెంటేషన్లు మానేశారు, దాని మీద పని చేద్దామా?" అన్న మాటకు ఈమె తలూపింది. సర్జన్‌కు ఫోన్ చేసి, ఇంకో ఆపరేషన్ రిఫరల్ ఇవ్వకుండా మాట తీసుకున్నారు. ఇలాంటి ఆపరేషన్లు సాధారణంగా జబ్బును తగ్గించవు, కొన్నిసార్లు బాధ ఇంకో చోటికి మారుతుంది.

చర్చకు: కథ కొంచెం మారితే

ఎనిమిది కిలోల బేరానికి ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "ఐదైతే సరే, ఎనిమిది కుదరదు" అంటే తర్వాత ఏం అడుగుతారు? బాధపెట్టే కిలోల సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కనుక్కోండి.

దవడకు బదులు మొటిమలు గిల్లుతూ ఉంటే? చర్మం నున్నగా కావాలని, మచ్చ కనపడకూడదని గిల్లితే బీడీడీ వైపు. టెన్షన్ తగ్గడానికి, తెలియకుండానే చెయ్యి వెళ్తుంటే స్కిన్ పికింగ్ డిజార్డర్ వైపు. క్రిములున్నాయని గిల్లితే ఓసీడీ వైపు.

అదే వయసు యువకుడు, జిమ్‌లో రోజూ గంటల తరబడి, లెక్కపెట్టి ప్రొటీన్, తూకం వేసి తిండి, కండలు చాలవన్న బాధ. తిండి నియమాలు చూసి ఈటింగ్ డిజార్డర్ అంటారా? ఇక్కడ కోరిక సన్నబడటం కాదు, పెరగడం. దీన్ని బీడీడీలోనే మజిల్ డిస్‌మార్ఫియా అని గుర్తిస్తారు. స్టెరాయిడ్లు వాడుతున్నాడా అని అతణ్ణి విడిగా అడగండి, తల్లిదండ్రుల ముందు కాదు.